హాలు మధ్య పల్లం

మా బావని పనిలో అందరూ రసమట్టం అని పిలిచేవాళ్లు. తాపీ మేస్త్రి సంచిలో ఉండే ఆ బుడగ గొట్టానికీ ఆయనకూ తేడా లేదని వాళ్ల ఉద్దేశం. ఎవరింటికి వెళ్లినా ముందు గోడ మీది కేలండరు సరిచేసి, తర్వాతే కూర్చునేవాడు. టీకొట్టులో గ్లాసు బల్ల మీద పెట్టి, టీ అంచు చూసి, "ఈ బల్లకి ఎడమ కాలు పొట్టి" అనేవాడు. కొట్టువాడు ఒకసారి విసిగిపోయి, "నువ్వు తాగడానికొచ్చావా, బల్ల కొనడానికొచ్చావా" అని అడిగాడు. మా అక్కతో దిగిన పెళ్లి ఫోటోలో కూడా ఆయన భుజాలు రెండూ గీత గీసినట్టు సమంగా ఉంటాయి. పక్కన మా అక్క తల కాస్త వాలి ఉంటుంది. "ఆ ఒక్క వంకరా సరిచేయలేకపోయావు కదా బావా" అని నేను ఏడిపిస్తే, "దానికి ఏ మట్టం బద్దా ఆనదురా" అనేవాడు.

మేం ముగ్గురం ఒకే పనికి పోయేవాళ్లం. స్లాబు మీద టైల్స్ వేసేముందు సిమెంటు, ఇసుక కలిపి ఒక పొర పరుస్తారు. స్క్రీడు అంటారు దాన్ని. స్లాబు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా ఈ పొర పైభాగం మట్టంగా ఉండాలి, అప్పుడే టైలు కదలకుండా కూర్చుంటుంది. నేను ఆ సిమెంటు, ఇసుకల మాలు కలిపేవాణ్ని. మా అక్క స్లాబు మీద సిమెంటు పాలు పూసేది. బావ మట్టం చూసి పరిచేవాడు. ముగ్గురిలో అందరికీ కనబడేది బావ పనే. నా పని తప్పితే పొర పొడి రాలుతుంది. అక్క పని తప్పితే పొర స్లాబుని పట్టుకోదు, అంచుల్లో లేచి, కొడితే డొల్లగా మోగుతుంది. కానీ అవి బయటపడటానికి రోజులు పడతాయి. బావ పని తప్పితే గోళీ వేసినా తెలిసిపోతుంది.

ఆ ఏడు బావకి కుడికన్ను మసకబారింది. ఎడమకన్ను కూడా అదే దారి పట్టిందని అక్కకీ నాకూ తెలుసు, బయట ఎవరికీ తెలీదు. మట్టం చూసేవాడి చూపు తగ్గిందని తెలిస్తే ఎవడు పిలుస్తాడు? పిలిచినా తట్ట మోయడానికి పిలుస్తాడు. బావకి అన్నం లేకపోయినా ఫరవాలేదు గానీ ఆ మాట పడటం ఇష్టం లేదు. గోడల మీద మట్టం గుర్తులు పెట్టడానికి మేం వాడేది నీళ్ల గొట్టం. పొడుగాటి పారదర్శకమైన గొట్టం, రెండు చివర్లలో నీళ్లు ఎప్పుడూ ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఆ నీటి అంచు కనబడక బావ అందులో చిటికెడు ఎర్ర గచ్చు రంగు కలపడం మొదలుపెట్టాడు. ఎవరైనా అడిగితే, "నాకు కాదు, మా బావమరిదికి కళ్లు ఆనవు" అనేవాడు. నేను తలూపేవాణ్ని. ఆ పాపం నా కళ్ల మీద వేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

అలాంటి రోజుల్లో సోఫాల ఓనరు మమ్మల్ని పిలిచాడు. కింద ఆయన సోఫాల షాపు. పైన ఖాళీగా పడి ఉన్న పెద్ద హాలు, ఇన్నాళ్లూ అట్టపెట్టెలు పడేసుకున్నాడు. ఇప్పుడు అక్కడ మంచాల షోరూము పెట్టి, మనిషంత పొడవు టైల్స్ వేయించాలని ఆయన ముచ్చట. టైలు ఎంత పెద్దదైతే కింద పొర అంత తిన్నగా ఉండాలి. అందుకే రసమట్టమే కావాలన్నాడట.

మొదటిరోజు బావా నేనూ గొట్టం పట్టుకుని హాలంతా తిరిగాం. నేను ఒక చివర, ఆయన ఒక చివర. నాలుగు గోడల చుట్టూ ఛాతీ ఎత్తులో గుర్తులు పెట్టి, సున్నం దారం కొట్టి గీత లాగాం. తర్వాత ఆ గీత నుంచి స్లాబుకి కొలత తీస్తూ పోయాం. గోడల దగ్గర బాగానే ఉంది. మధ్యకి వచ్చేసరికి టేపు ఇంకా ఇంకా కిందికి పోయింది. గోడల పక్కనున్న ఎత్తుకీ నడిమధ్యకీ రెండంగుళాల తేడా వచ్చింది. బావ మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో స్లాబుని నిమిరాడు.

"సారూ, కింద ఇక్కడ గోడేమన్నా ఉందా, దూలమేమన్నా ఉందా?" అని అడిగాడు.

"కింద అంతా షాపే కదయ్యా," అన్నాడు ఓనరు. "స్లాబు పోసినప్పుడు కింద కట్టిన సెంట్రింగు చెక్క కుంగిందట. మా నాన్న హయాం నుంచీ అంతే."

"ఒకసారి కింది నుంచి చూస్తే బాగుండేది."

"ఏం చూస్తావు? మొన్నే సీలింగు వేయించా, లైట్లు పెట్టించా. నీ కోసం విప్పనా? నీకు చెప్పింది పైన మట్టం చేయమని."

ఆయన చెప్పింది నమ్మరానిదేం కాదు. సెంట్రింగు కుంగిన స్లాబులు మేం చాలా చూశాం. కింద షాపులోకి వెళ్లి బావ తలెత్తి చూశాడు. తెల్లటి సీలింగు పలకలు, గుండ్రటి దీపాలు. దాని వెనక ఏముందో దేవుడికి తెలియాలి. బయటికి వస్తుంటే షాపు మధ్యలోని అద్దాల తలుపు పట్టేసింది. పనివాడు భుజంతో తోసి తెరిచాడు. "వారం నుంచి ఇలాగే ఉంది," అన్నాడు. ఇనుప చట్రం, అద్దం తలుపు. తేమకి ఉబ్బడానికి అది చెక్క కాదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది, ఆ రోజు నవ్వొచ్చింది.

పైకొచ్చాక బావ లెక్క తేల్చాడు. గోడల దగ్గర అంగుళంన్నర మందం. అంతకంటే పల్చనైతే నిలవదు. నడిమధ్యలో మూడున్నర వస్తుంది. అంత లోతున ఒట్టి ఇసుక మాలు పోస్తే కుదించుకుపోతుంది కాబట్టి అక్కడ కింద సన్న కంకర కలిపిన మాలు పోసి, పైన మామూలు పొర. అంగుళం మందం అంటే వినడానికి చిన్నమాటే. హాలు నిండా పరిచాక అది చిన్న లారీ బరువు. మోసినవాణ్ని, నాకు తెలుసు.

అంగుళంన్నర పొర తన బరువుతో తాను నిలబడదు, కింది స్లాబుని గట్టిగా కరుచుకుంటేనే బతుకుతుంది. కాబట్టి ముందు స్లాబు చర్మం ఒలిచాం. పాత స్లాబు మీద నున్నటి సిమెంటు తొక్క ఉంటుంది, దాని మీద ఏం వేసినా ఆ తొక్కతో పాటే ఊడి వస్తుంది. ఉలి సుత్తులతో మొత్తం చెక్కి, లోపలి కంకర కనబడేదాకా గరుకు చేశాం. ఊడ్చి, కడిగి, మళ్లీ ఊడ్చాం. ఒక రాత్రంతా తడిపి ఉంచాం. తెల్లారి నిలవనీళ్లు గుడ్డతో తుడిచేశాం. తడి లోపల ఉండాలి, పైన చెమ్మ మెరవకూడదు.

అప్పుడు అక్క రంగంలోకి దిగింది. సిమెంటులో జిగురులాంటి అతుకు పాలు కలిపి, చిక్కటి జావలా చేసి, గట్టి కుంచెతో స్లాబు రంధ్రాల్లోకి రుద్దుతుంది. ఆ పూత తడిగా ఉండగానే నా మాలు పడాలి, బావ దిమ్మిసతో కొట్టి గట్టిపరచాలి. ఆరిందా, అది అతుకు కాదు, అడ్డుపొర. అందుకని అక్క ఒకేసారి ఎక్కువ పూయదు. బావ చేయి చాచినంత పట్టీ పూసి, దాని మెరుపు చూస్తూ కూర్చుంటుంది. మెరుపు తగ్గుతోందంటే అక్క గొంతు లేస్తుంది.

"ఒరేయ్, మాలు తెస్తావా, నన్నే వచ్చి కలుపుకోమంటావా?"

"వస్తున్నా అక్కా, నీ పూత నీ కోపానికే ఆరిపోయేట్టుంది."

ఒక్కచోట నేను ఆలస్యం చేశాను, బస్తా తడిసి ఉంటే మార్చి తెచ్చేసరికి. ఆ పట్టీ మెరుపు పోయి ఆరిపోయింది. అక్క ఇనుప బ్రష్షుతో అది మొత్తం గీకేసి, కడిగి, మళ్లీ పూసింది. బావ ఆ పక్కనే కూర్చుని బీడీ వెలిగించాడు. "తొందరేం లేదు," అన్నాడు. ఆమె పని అయ్యేదాకా ఆయన చేతికి బద్ద తీసుకోలేదు.

నేను కలిపిన మాలు పిడికిట పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల మధ్య నీళ్లు కారకూడదు. ముందే టైలు ముక్కలతో మట్టం బొట్లు పెట్టుకున్నాం, గోడ గీత నుంచి ఒకే కొలతలో. బొట్టుకీ బొట్టుకీ మధ్య మాలు నింపి, దిమ్మిసతో కొట్టి, అల్యూమినియం బద్దతో లాగాడు బావ. పని పూర్తయిన సాయంత్రం హాలు ఈ మూల నుంచి ఆ మూలకి బద్ద వేసుకుంటూ పోయాం. ఎక్కడా కింద నుంచి వెలుతురు రాలేదు. బావ గొట్టంతో మళ్లీ ఒకసారి చూశాడు, నన్నూ చూడమన్నాడు, అక్కనీ చూడమన్నాడు. ముగ్గురికీ ఒకటే వచ్చింది. "కళ్లు ఇంకా కూడు పెడుతున్నాయే," అన్నాడు అక్కతో. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను చాలారోజుల తర్వాత చూశాను. పైన పాలిథీను కప్పి, తడి ఆరకుండా చూసుకుంటూ వచ్చాం.

టైల్స్ మేస్త్రి వచ్చిన రోజున మమ్మల్ని పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ సంగతి ముందే చెప్తున్నాను. పాలిథీను తీసి, తన బద్ద పరిచి, మమ్మల్ని వంగి చూడమన్నాడు. బద్ద రెండు చివర్లూ ఆని ఉన్నాయి. నడుమ కింద నా చిటికెనవేలు దూరింది. హాలు మధ్యగుండా వెంట్రుక పాటి పగులు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా.

"అతుకు విడిచింది," అన్నాడు టైల్స్ మేస్త్రి. "పొర ఆరి ముడుచుకుంది, అంచులు లేచాయి. అందుకే నడుమ పల్లం కనబడుతోంది. పాలు ఆరాక పోసుంటారు."

ఆ మాట తప్పు మాట కాదు. అతుకు లేని పొర అచ్చం అలాగే చేస్తుంది. ఓనరు అక్క వైపు తిరిగాడు. "పూసింది నువ్వే కదా?"

అక్క ముఖం చూడలేకపోయాను. అందరూ తనని కుంచె పట్టుకుని తిరిగే ఆడమనిషిగా చూస్తారని ఆమెకి తెలుసు. చేసిన పని ఆ పొర కింద సమాధి అయిపోయేది, కంటికి కనబడని పని, ఎవడూ మెచ్చుకోనిది. దాన్ని పట్టుకుని ఇప్పుడు వేలెత్తి చూపించారు. అక్క ముందుకు కదిలింది. మూల నుంచి ఇనుప కమ్మీ తీసుకుని, గోడ అంచు నుంచి మొదలుపెట్టి, అడుగడుగునా కొడుతూ నడిచింది. టక్కు, టక్కు, టక్కు. మూలలు కొట్టింది. పగులుకి ఇటూ అటూ కొట్టింది. ఎక్కడా డొల్ల మోత లేదు. రాయి మీద రాయి కొట్టినట్టే ఉంది. కొట్టడం అయ్యాక కమ్మీ టైల్స్ మేస్త్రి చేతికిచ్చింది. ఆయన కూడా నాలుగుచోట్ల కొట్టాడు.

"నిజమే, పట్టుకునే ఉంది," అన్నాడాయన, నిజాయితీగానే. "మరి పల్లం ఎలా వచ్చింది?"

అతుకు విడలేదు. అంటే అంచులు లేవలేదు. అంచులు లేవకపోతే నడుమ దిగి ఉండాలి, లేకపోతే మొదటే పల్లంగా పరిచి ఉండాలి. అందరూ బావని చూశారు.

"అలా కాదులేండి," అన్నాడు ఓనరు. "ఆవిడ కొట్టిందంటే నాకు నమ్మకమేంటి? ఈ పూతలూ అవీ మీరూ మీరూ చూసుకునేవి. మొత్తం పగలగొట్టించి చూస్తా. పూతలో తేడా ఉందని తేలితే ఈవిడ ఈ వీధిలో ఎక్కడా కుంచె పట్టకుండా చేస్తా."

బావ టోపీ తీసి చేత్తో నలిపాడు. అప్పటికి ఆయన ముఖంలో ఏమీ మారలేదు, అందుకే ఏం చెప్పబోతున్నాడో నేను కనిపెట్టలేకపోయాను.

"ఆమె పూతలో తేడా లేదు సారూ. తప్పు నాది. నాకు చూపు ఆనట్లేదు. బొట్లు పెట్టినప్పుడే నడుమ దించి పెట్టుంటాను. మాలులో నీళ్లు కూడా ఎక్కువ పడ్డాయి, ఆ పగులు దానిదే. నేను సరిచేసి ఇస్తాను."

నా మాలులో నీళ్లు ఎక్కువ కాలేదు, ఆయన బొట్లు తప్పలేదు, మేం ముగ్గురం చూసుకున్నాం. ఎన్నో నెలలుగా ప్రాణంలా దాచుకున్న మాటని ఆయన పదిమందిలో పెట్టేశాడు. టైల్స్ మేస్త్రి తల దించుకున్నాడు. ఓనరు మాత్రం తేలికపడ్డాడు. "అదేదో ముందే చెప్పొచ్చుగా," అన్నాడు.

ఇంటికి వెళ్లాక అక్క అన్నం వడ్డించలేదు. గిన్నెలు ముందు పెట్టి గోడకి ఆనుకుని కూర్చుంది.

"నా మీద పడ్డ మాట నేను మోసుకునేదాన్ని. నిన్నెవరు మోయమన్నారు?"

"అంటే అన్నాన్లే."

"నీ మట్టం నిజంగా తప్పిందా?"

బావ గిన్నెలోంచి తనే అన్నం పెట్టుకున్నాడు. "తప్పే ఉంటుంది," అన్నాడు. "లేకపోతే పల్లం ఎక్కడ నుంచి వస్తుంది?"

"బావా, స్లాబే దిగిందేమో," అన్నాను నేను.

"అంత స్లాబు దిగితే కింద షాపువాడు గగ్గోలు పెట్టడా?" అన్నాడు. కానీ కంచంలో చేయి ఆగింది. అబద్ధం చెప్పినవాడు ఆ అబద్ధాన్ని తానే సగం నమ్ముతున్నాడని నాకప్పుడు అర్థమైంది. జన్మలో ఆయన మొదటిసారి తన కంటిని అనుమానించింది, ఆ కన్ను సరిగ్గా చూసిన రోజునే.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఓనరుని అడిగాడు కూడా. "సారూ, ఒక్క పలక విప్పి చూద్దాం. నడుమ స్లాబు దిగుతోందేమో అని మావాడికి అనుమానం."

ఓనరు చేతిలో పేపరు మడిచాడు. "నిన్న పదిమంది ముందు తప్పు నాదే అన్నావు. ఇవాళ నా స్లాబు మీదకి తోస్తున్నావా? చేస్తే చేయి, లేకపోతే పూతా గీతా అన్నీ మళ్లీ మొదట్నుంచి మాట్లాడుకుందాం."

పూత అనేసరికి బావ వెనక్కి తగ్గాడు. తను చెప్పిన మాటే తిరిగొచ్చి ఆయన గొంతు పట్టుకుంది. ఆ పని వదిలేసి మెట్లు దిగి వచ్చేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. వదిలేస్తే అక్క మీద మళ్లీ అదే మాట లేస్తుంది, రసమట్టం పారిపోయాడని ఇంకో మాట కలుస్తుంది. ఆయన మెట్లెక్కాడు.

పల్లం మీద కొత్త పొర పోయాలి. అంచుల్లో కాగితంలా పల్చబడితే ఆ అంచు నిలవదని, పల్లం చుట్టూ ఉలితో గాడి చెక్కించాడు, ఎక్కడా అంగుళానికి తగ్గకుండా. సుత్తి పడినప్పుడల్లా కింద ఏదో గాజుసామాను గలగలమన్నట్టు వినిపించింది. అక్క కడిగింది, తుడిచింది. ఈసారి పూత పూస్తూ ఆమె నన్ను కేకేయలేదు. నేనూ హాస్యమాడలేదు. మాలు మెట్ల పక్క వసారాలో కలుపుతున్నాను. ఓనరు మనుషులు టైల్స్ పెట్టెలు పైకి తెచ్చి హాల్లో పేర్చడం మొదలుపెట్టారు.

"నడుమ పెట్టకండయ్యా, గోడవార పెట్టుకోండి," అని బావ అరిచాడు.

"గోడవార మంచాలొస్తాయట," అన్నాడు వాళ్లలో ఒకడు. పెట్టెలు ఉన్నచోటే ఉండిపోయాయి.

సగం పల్లం నిండాక నేను తట్ట దింపి బద్ద పట్టాను. పొద్దున పెట్టిన బొట్లు గోడ గీత నుంచి కొలిస్తే మళ్లీ తక్కువ చూపించాయి. పొద్దున ఎర్రనీళ్ల అంచుని నేనే చూశాను, నాకు మసకేం లేదు.

"బావా, ఇది మళ్లీ దిగింది."

ఆయన వచ్చి చూశాడు. కుడికన్ను మూసి ఎడమకన్నుతో, తర్వాత ఎడమకన్ను మూసి కుడికన్నుతో. "ఇక నీ కళ్లు కూడా పోయాయన్నమాట," అన్నాడు. నవ్వాలని చూశాడు గానీ నవ్వు రాలేదు. "మీ అక్కని నీళ్లకి పంపు. నువ్వు కిందికెళ్లి, షాపు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కో. ఆ సీలింగు పలక నేనే ఊడదీస్తా. ఎవడేమన్నా సరే." అప్పుడు షాపు భోజనాల వేళకి మూసి ఉంది. పెట్టెలు మోసినవాళ్లు కూడా తిండికి దిగిపోయారు.

"నువ్వూ రా," అన్నాను.

"మీ అక్క పూసిన పూత ఆరిపోతుందిరా. ఈ పట్టీ కొట్టేసి వస్తా."

అక్క బిందెతో ముందు దిగింది. నేను మెట్ల మలుపు దగ్గర ఉన్నాను. దిమ్మిస చప్పుడు వినబడుతోంది, తీరిగ్గా, ఒకే ఎడంతో, ఆయన ఎప్పుడూ కొట్టినట్టే. తర్వాత చప్పుడు ఆగింది. దాని వెంటనే వచ్చింది మాత్రం చప్పుడులా లేదు, కాళ్ల కింద నేల ఊపిరి వదిలినట్టు ఉంది. దుమ్ము మెట్ల మీదికి తోసుకొచ్చి నా నోటి నిండా పడింది. అక్క కింద నుంచి ఆయన్ని పిలుస్తోంది. పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు, ఆ రోజు పిలిచింది.

స్లాబు నడుమ విరిగి రెండు పలకలుగా సోఫాల మీదికి వాలింది. పెట్టెలు, టైల్స్, మా పొర, బావ, అన్నీ కిందే ఉన్నాయి. ఆయన్ని బయటికి తీసేటప్పుడు చేతిలో దిమ్మిస లేదు గానీ, వేళ్లు దాన్ని పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి.

సీలింగు వెనక ఏముందో అప్పుడు అందరూ చూశారు. కింద ఒకప్పుడు రెండు గదులు. వాటి మధ్య గోడ మీదే స్లాబు ఆనేది. షాపు విశాలంగా ఉండాలని ఆ గోడ తీయించేసి, అటూ ఇటూ రెండు సన్నటి ఇనుప కడ్డీలు ఊతంగా తగిలించి, పైన సీలింగుతో మూసేశాడు ఓనరు. స్లాబు అప్పటి నుంచీ కొద్దికొద్దిగా వంగుతూనే ఉంది. మేం మట్టం చేసిన కొద్దీ బరువు పెరిగింది, బరువు పెరిగిన కొద్దీ వంగింది, వంగిన కొద్దీ మళ్లీ మట్టం చేయమన్నారు.

కర్మకాండలు ముగిశాక అక్కా నేనూ అక్కడికి వెళ్లాం. శిథిలాలు ఇంకా ఎత్తలేదు. అక్క ఒక పెళ్ల ఎత్తి తిప్పి చూసింది, పక్కది చూసింది, ఇంకోటి చూసింది. విరిగిన ప్రతి ముక్కలోనూ పైపొర స్లాబుకి అంటుకునే ఉంది. చివరిరోజు పోసిన పొర కూడా, ఇంకా పూర్తిగా గట్టిపడకుండానే, కింది పొరని వదలకుండా పట్టుకుంది. అక్క ఆ ముక్కని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంకా నిలిచి ఉన్న గోడలకి, వసారా అంచు నుంచి, నేను గొట్టం పట్టి చూశాను. మేం లాగిన గీత దగ్గర ఎర్రనీళ్లు ఇటూ అటూ వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడ్డాయి. ఆయన మట్టం తప్పలేదు, ఆమె అతుకు విడలేదు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలిసి కూడా నాకు ఏడుపే వచ్చింది.

అప్పుడే విచారణకి వచ్చిన అధికారి అక్కడే మమ్మల్ని అడిగాడు. ఓనరు పక్కనే ఉన్నాడు, తెల్లచొక్కాలో, వెనక ప్లీడరుతో. గోడ సంగతి తనకి సరిగా గుర్తులేదన్నాడు. గుర్తున్నది మాత్రం గట్టిగా చెప్పాడు. చూపు లేని మేస్త్రి మట్టం తప్పి, చేసింది మళ్లీ చేస్తూ, అక్కర్లేని బరువు స్లాబు మీద వేశాడని. ఆ మాట తనది కాదని, మేస్త్రే స్వయంగా పదిమంది ముందు అన్నాడని.

అధికారి టైల్స్ మేస్త్రి వైపు చూశాడు. ఆయన మా వంక చూడలేక నేల చూశాడు. "అన్నాడండీ. నేను విన్నాను," అన్నాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

"అది నా కోసం అన్నాడు సారూ," అంది అక్క. ఒళ్లోని పెళ్లని ఆయనకి చూపించింది. "నా పూత మీద నింద పడుతుందని, దాన్ని తన మీద వేసుకున్నాడు. ఆయన మట్టం తప్పలేదు. గోడ మీద గీత ఉంది, మీరే నీళ్లు పెట్టి చూసుకోండి."

"గీత చూస్తామమ్మా. గోడ సంగతీ చూస్తాం," అన్నాడు అధికారి. కటువుగా అనలేదు. "కానీ నాకిది ముందు తేలాలి. ఆ మాట ఆయన అన్నాడా, లేదా?"

అక్క ఆ పెళ్లని రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది. నా వైపు చూసింది. కాదని చెప్పమని నా కళ్లు అడిగాయేమో. పూత ఆరిందేమో అని అనుమానం వస్తే ఎవరూ అడక్కుండానే గీకి మళ్లీ పూసే మనిషి ఆమె.

"అన్నాడు," అంది.